కళ్ళు ఎర్రబడ్డాయా? అయితే కాంటాక్ట్ లెన్స్ పక్కన పెట్టండి

హైటెక్ సిటీ వైపు పనిచేసేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్న ఇది: "కళ్ళు కొంచెం ఎర్రగా ఉన్నాయి, లెన్స్ పెట్టుకోవచ్చా?" పెట్టుకోకూడదండీ. ఎందుకో చూద్దాం.

ఒకమ్మాయి ఏప్రిల్ ఎండలో మియాపూర్ నుంచి మైండ్‌స్పేస్‌కి స్కూటీ మీద వెళ్తోందనుకోండి. దారంతా దుమ్ము, వేడిగాలి. ఆఫీసులో తొమ్మిది గంటలు ఏసీ, ఎదురుగా కంప్యూటర్. స్క్రీన్ చూస్తున్నప్పుడు మనం రెప్పలు తక్కువసార్లు వేస్తాం, ఏసీలో కన్నీరు త్వరగా ఆరిపోతుంది. అంటే దుమ్మును కడగాల్సిన నీరే తగ్గిపోయింది. ఆ దుమ్ము, పుప్పొడి లెన్స్‌కి అంటుకుని రోజంతా కంటికి రాసుకుంటూనే ఉంటాయి. సాయంత్రానికి దురద మొదలవుతుంది. ఆ అమ్మాయి లెన్స్ ఉండగానే కన్ను నలిపేస్తుంది.

అసలు ప్రమాదం ఇక్కడుంది. కంటి ముందుండే పారదర్శకమైన పొర కార్నియా. దాంట్లో రక్తనాళాలు ఉండవు, ఆక్సిజన్ ఎక్కువగా బయటి గాలి నుంచే అందుతుంది. లెన్స్ దానికి కొంత అడ్డం. నలిపినప్పుడు కార్నియా మీద సన్నటి గీత పడితే, అందులోంచి సూక్ష్మజీవులు లోపలికి వెళ్ళి పుండు చేస్తాయి. పుండు మానినా మచ్చ మిగిలితే చూపు తగ్గిపోవచ్చు.

మరి అలర్జీనో, ఇన్ఫెక్షనో ఎలా తెలుస్తుంది? సాధారణంగా అలర్జీలో రెండు కళ్ళూ దురద పెడతాయి, నీరు కారతాయి. అలా కాకుండా నొప్పి, మసక, వెలుతురు చూడలేకపోవడం, నల్లగుడ్డు మీద తెల్లటి చుక్క... వీటిలో ఏది కనిపించినా, ముఖ్యంగా ఒక కంట్లోనే ఉంటే, లెన్స్ తీసేసి అదే రోజు కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. మెహదీపట్నంలో సరోజినీ దేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది. లెన్స్‌నీ, దాని డబ్బానీ పారేయకుండా పట్టుకెళ్ళండి, పరీక్షకి పనికొస్తాయి. మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు మాత్రం వేసుకోవద్దు. ఎరుపు తగ్గినట్టే ఉంటుంది, లోపల ఇన్ఫెక్షన్ పెరుగుతుంది.

ఇక ప్రత్యామ్నాయాలు. ఎరుపు పూర్తిగా తగ్గేవరకు కళ్ళజోడే మంచిది, బండి మీద దుమ్మును కూడా కొంత ఆపుతుంది. దురదకి చల్లటి గుడ్డ కాపడం, డాక్టర్ రాసిన అలర్జీ చుక్కలు వాడండి. తగ్గాక లెన్సే కావాలంటే, ఒక్కరోజు వాడి పారేసేవి అడగండి. వాటి మీద నిన్నటి దుమ్ము ఉండదు. ఏ లెన్స్‌నీ కుళాయి నీళ్ళతో కడగొద్దు, ఆ నీటిలోని అమీబా కార్నియాని తినేయగలదు. లేసర్ ఆపరేషన్ కూడా ఒక దారే. కానీ అలర్జీ అదుపులోకి రావాలి, పవర్ కనీసం ఒక ఏడాదిగా మారకుండా ఉండాలి. ఆపరేషన్ తర్వాత కొన్ని నెలలు కళ్ళు పొడిబారతాయి, కాబట్టి ఇప్పటికే పొడి కళ్ళున్నవాళ్ళు ఆ సంగతి డాక్టర్‌కి ముందే చెప్పండి.