పక్కపక్కన ఉంటే సరిపోదు
(తార్నాక, ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలో ఇచ్చిన స్మారకోపన్యాసం)



ఈ ఉపన్యాసం ఎవరి పేరున ఏర్పడిందో ఆ మాస్టారి గొప్పతనం గురించి ముందు మాట్లాడినవారు చెప్పారు. నాకు బాగా గుర్తున్నది ఆయన ఎర్ర సిరా. నా థీసిస్‌లో ప్రతి అధ్యాయం అంచునా 'ఎవరితో పోల్చి?' అని రాసేవారు. మండిపోయేది. నన్ను పిలిచినందుకు కృతజ్ఞతలు చెప్పుకుని, ఆ ప్రశ్నతోనే నా పాత తగువులోకి దిగుతాను.

వృద్ధాశ్రమం పక్కనే పసిపిల్లల బడి పెట్టే పద్ధతి మీకు తెలిసిందే. టోక్యోలో కోతోఎన్ ఉంది. సియాటిల్‌లో ఒక వృద్ధుల నివాసంలోనే 1991లో పిల్లల బడి తెరిచారు. బ్రిటన్‌లో 2017లో దీని మీద టీవీ కార్యక్రమమే వచ్చింది. వీటి గురించి మళ్ళీ చెప్పను.

నా పేచీ అంతా ఒక్క మాటతో: 'ఇద్దరినీ ఒకచోట చేర్చండి, మిగతాది దానంతటదే జరుగుతుంది.' ఉమ్మడి కుటుంబాల్లో పెరిగినవాళ్ళం కాబట్టి ఈ మాట మనకు తొందరగా నచ్చుతుంది. అధ్యయనాలు మాత్రం అలా చెప్పడం లేదు.

మేరీలాండ్‌లో కరోల్ సీఫెల్ట్ 1987లో ప్రచురించిన పరిశోధన చూడండి. అందులో కొందరు పసిపిల్లలు ఏడాది పాటు వారానికోసారి నర్సింగ్ హోమ్‌లోని బలహీనమైన వృద్ధుల దగ్గరికి వెళ్ళారు. చివరికి ముసలితనం మీద వాళ్ళ అభిప్రాయం, అసలు వెళ్ళని పిల్లల అభిప్రాయం కంటే చెడ్డగా ఉంది. దీన్ని ఎత్తిచూపినప్పుడల్లా నాకు ఎదురొచ్చేది 1984 నాటి కాస్పీ పరిశోధన. రోజూ పెద్దవాళ్ళు కలిసి ఉండే బడిలో పిల్లలకు వాళ్ళ మీద మంచి అభిప్రాయమే ఏర్పడిందని అది చూపింది. రెండూ నిజమే కావచ్చు. ఒకచోట మంచంలో ఉన్న మనిషి, మరోచోట బడి పనుల్లో తోడుండే మనిషి. తేడా అక్కడే ఉందని నా వాదన. గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే చెప్పాడు: రెండు గుంపులు కలిసినంత మాత్రాన చాలదు, సమాన స్థాయి ఉండాలి, కలిసి చేసే పని ఉండాలి అని.

ఒహాయోలో కామెరాన్ క్యాంప్ బృందం దీన్ని చేసి చూపింది. మతిమరుపు జబ్బు ఉన్న ఒక పెద్దమనిషి, ఒక పసివాడు. మాంటిస్సోరి సామగ్రితో పెద్దమనిషి చేసి చూపిస్తే పిల్లవాడు చేస్తాడు. పరిశీలకులు లెక్కపెట్టింది సంతోషాన్ని కాదు. పెద్దమనిషి పనిలో ఉన్నాడా, ఊరికే చూస్తున్నాడా, ఏమీ పట్టనట్టు కూర్చున్నాడా అన్నది. మామూలు కార్యక్రమాలతో పోలిస్తే పనిలో ఉండడం పెరిగింది. అయితే అది ఆ కాసేపటి సంగతి. జబ్బు నెమ్మదించిందని అది చెప్పలేదు. పైగా అది కొద్దిమంది మీద చేసిన పని.

ఇక్కడే నన్ను విమర్శించేవారు బాల్టిమోర్ ప్రయోగాన్ని తెస్తారు. 60 దాటిన 702 మందిని లాటరీ పద్ధతిలో రెండు భాగాలు చేశారు. ఒక భాగం వారానికి 15 గంటలు ప్రభుత్వ బడుల్లో చిన్న తరగతుల పిల్లలకు సాయపడింది. రెండు భాగాల్లో కలిపి 111 మందికి మెదడు స్కానింగ్ చేస్తే, బడికి వెళ్ళినవారిలో, ముఖ్యంగా మగవారిలో, కొంత మేలు కనిపించింది. మంచి ప్రయోగమే. కానీ వాళ్ళు తమ కాళ్ళ మీద నడిచి బడికి వెళ్ళగలిగిన వాలంటీర్లు. ఆ ఫలితాన్ని వృద్ధాశ్రమంలో చక్రాల కుర్చీకి అంటగట్టడం, పరుగు పందెంలో గెలిచినవాడి కొలతలతో మంచం పట్టినవాడికి చెప్పులు కుట్టడమే.

మరి మాస్టారి 'ఎవరితో పోల్చి?' అన్న ప్రశ్నకు జవాబు ఈ పక్కనే ఉంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1987-90 మధ్య హైదరాబాద్ దగ్గరి పల్లెల్లో చేసిన అధ్యయనంలో, అంగన్‌వాడీ ఆహార పథకం అప్పటికే అందిన 15 ఊళ్ళను, ఇంకా అందని 14 ఊళ్ళతో పోల్చింది. ఆ ఊళ్ళ పిల్లలు కౌమారంలోకి వచ్చాక మళ్ళీ చూస్తే, ఆహారం అందిన ఊళ్ళవాళ్ళు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవున్నారు. పథకం దశలవారీగా రావడమే పోలికకు వీలిచ్చింది.

నేను ఇప్పుడు రూపొందిస్తున్న పథకం ఆ దారిదే. కొన్ని అంగన్‌వాడీలను దగ్గరలోని వృద్ధాశ్రమాలతో ఈ ఏడాది జత కడతాం, మిగతావాటిని వచ్చే ఏడాది. ఏది ముందో లాటరీ తేలుస్తుంది. ఒక పెద్దకు ఒక బిడ్డ. రుమాళ్ళు మడవడం, గిన్నెలు పెద్దా చిన్నా వరసలో పేర్చడం లాంటి పనులు. గింజలు, పూసలు ఉండవు, మూడేళ్ళ పిల్లలు నోట్లో పెట్టుకుంటారు. జలుబు, జ్వరం ఉన్నవాళ్ళు ఏ వైపువారైనా ఆ రోజు రారు. పెద్ద అలిసిపోతే, బిడ్డ ఏడిస్తే అక్కడితో ఆపేస్తాం, ఆపిన సంగతి రాసుకుంటాం. సీఫెల్ట్ చూసిన నష్టం ఇక్కడ జరుగుతోందా అని పిల్లల అభిప్రాయాన్నీ ముందూ వెనకా అడుగుతాం.

నిధులిచ్చేవారిని నేనడిగేది ఒక్కటే. ఈ ఏడాది ఏమీ చేయని కేంద్రాలకు కూడా పరిశీలకుల జీతం ఇవ్వండి. అది దండగ ఖర్చు అనేవారితోనే నా తగువు. మేలు కనిపించకపోతే ఆ మాటా అచ్చు వేయిస్తాను, రెండో ఏడాది జత కట్టవద్దని నేనే చెబుతాను.