కల్యాణం లైవ్: ముహూర్తానికి 8 నిమిషాల ముందు నెట్ పోతే?

ఈ ఎపిసోడ్ మొత్తం ఒకే ఒక్క కాగితం గురించి. లైవ్ చేసేవాళ్లు దాన్ని రన్ ఆఫ్ షో అంటారు. ఏ టైమ్‌కి ఏం జరుగుతుంది, ఎవరు ఎవరికి సైగ చెయ్యాలి, ఏదైనా చెడిపోతే వెంటనే ఏం చెయ్యాలి, ఇదంతా అందులో ఉంటుంది. కెమెరా ఏది కొనాలి అని అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు గానీ, ఈ కాగితం ఎలా రాయాలి అని అడిగినవాళ్లు తక్కువ.

ఊరికే థియరీ చెప్తే బోర్ కొడుతుంది కాబట్టి మన ఉప్మాకనే తీసుకుందాం. తెలియనివాళ్లకి చెప్తున్నా, ఇది అనకాపల్లి జిల్లా, నక్కపల్లి మండలం. గరుడాద్రి కొండ మీద వేంకటేశ్వరస్వామి, కొండ కింద ఇంకో గుడి. ఫాల్గుణ శుద్ధ ఏకాదశి రాత్రి స్వామివారి కల్యాణం. ఊళ్లో ఉన్నవాళ్లు ఎలాగూ వెళ్లి చూస్తారు. హైదరాబాద్‌లో, దుబాయ్‌లో, అమెరికాలో ఉన్న మనవాళ్లు మాత్రం ఫోన్ పట్టుకుని కూర్చుంటారు. రాత్రి 10:30కి ముహూర్తం అంటే మార్చి రెండో వారం దాటాక న్యూయార్క్‌లో మధ్యాహ్నం ఒంటిగంట. ఆఫీస్‌లో లంచ్ బాక్స్ పక్కన ఫోన్ పెట్టుకుని చూసేవాడికి ఆ ఐదు నిమిషాలు మిస్ అయితే ఇంకో ఏడాది ఆగాల్సిందే.

ఒక మాట ముందే. గుడి టీటీడీ ఆధ్వర్యంలో ఉంది. రాతపూర్వకంగా పర్మిషన్ లేకుండా ట్రైపాడ్ బయటికి తియ్యొద్దు. ఇక్కడ చెప్పే టైమ్‌లన్నీ ఉదాహరణకే. ముహూర్తం ప్రతి ఏడాదీ పంచాంగం బట్టి మారుతుంది. మనం 10:30 అనుకుందాం.

కాలేజ్ ఫెస్ట్‌కి రన్ ఆఫ్ షో రాయడం తేలిక. 6:00 స్వాగతం, 6:05 డాన్స్, 6:12 స్పీచ్ అని రాసుకుంటే చాలు, యాంకర్ దాని ప్రకారం నడిపిస్తాడు. కల్యాణానికి అలా కుదరదు. అర్చకస్వామి మీ కాగితం చూసి మంత్రం చదవరు కదా! విష్వక్సేన పూజ, పుణ్యాహవాచనం ఎంతసేపు పడతాయో ముందుగా నిమిషాల్లో చెప్పలేం. గడియారానికి కట్టేసి ఉన్నది ఒక్కటే, ముహూర్తం. ఆ క్షణంలో జీలకర్ర-బెల్లం పెడతారు. చాలామంది మాంగల్యధారణే ముహూర్తం అనుకుంటారు, అది ఆ తర్వాత వస్తుంది. ఎన్ని నిమిషాల తర్వాత అంటే, ఎవరూ గ్యారంటీ ఇవ్వరు.

అందుకే మన కాగితంలో రెండు రకాల లైన్లు ఉండాలి. కొన్నిటికి టైమ్ రాస్తాం. మిగతావాటికి టైమ్ కాలమ్ ఖాళీగా వదిలేసి, "ఏది కనిపిస్తే మనం కదలాలి" అని రాస్తాం. అదే క్యూ.

మాంగల్యధారణకి క్యూ ఏంటి? గట్టిమేళం అంటారు చాలామంది. అది తప్పు క్యూ. వాయిద్యాలు ఒక్కసారిగా మోగాయంటే అక్కడ సూత్రం కట్టడం మొదలైపోయినట్టే. అప్పుడు కెమెరా జూమ్ చెయ్యడం మొదలుపెడితే మీకు దొరికేది అర్చకస్వామి వీపు. అసలు క్యూ దానికన్నా ముందు ఉంటుంది. కల్యాణాల్లో మంగళసూత్రాలని పైకెత్తి భక్తులకి చూపిస్తారు. అది కనిపించగానే "రెడీ". గట్టిమేళం వినగానే "కట్". క్యూ ఎప్పుడూ ఇలా జంటగా రాయాలి, ముందు రెడీ, తర్వాత కట్. రెడీ లేని క్యూ వస్తే కెమెరామన్ కంగారుపడతాడు, అంతే.

ఈ క్యూ ఇచ్చేది ఎవరు? ల్యాప్‌టాప్ ముందున్నవాడు కాదు. పూజ క్రమం తెలిసిన మనిషి ఒకరు మండపం దగ్గర నిలబడాలి. మా టీమ్‌లో మాట్లాడుకునేటప్పుడు ఆయన్ని "మండపం మావయ్య" అంటాం. మైకుల హోరులో ఫోన్ వినపడదు, అంత జనంలో కాల్ అసలు కలవకపోవచ్చు. కాబట్టి చేతి సైగలే. చెయ్యి పైకెత్తితే రెడీ, దించితే కట్. కెమెరామన్‌కి ఆయన కనిపించే చోటే నిలబెట్టండి. ఇంకోటి, ఫోన్‌లో మన లైవ్ చూస్తూ క్యూ ఇవ్వకూడదు. యూట్యూబ్‌లో సెట్టింగ్‌ని బట్టి కొన్ని సెకన్ల నుంచి అర నిమిషం దాకా లేట్ ఉంటుంది. అక్కడ తాళి కనిపించేసరికి ఇక్కడ తలంబ్రాలు పడుతూ ఉండొచ్చు.

సరే, కాగితం ఇలా ఉంటుంది. 9:30కి స్ట్రీమ్ స్టార్ట్, స్క్రీన్ మీద కార్డు. 9:45కి కామెంటరీ చెప్పేవారి పరిచయం, ఐదు నిమిషాలు. అక్కడి నుంచి 10:20 దాకా సాగే రబ్బరు భాగం. పూజ నెమ్మదిగా నడుస్తుంటే మధ్యలో వెయ్యడానికి ముందే తీసి పెట్టుకున్న రెండేసి నిమిషాల క్లిప్పులు మూడు ఉంటాయి. గరుడాద్రి కథ, కొండ మెట్లు, పొద్దున తీసిన అలంకారం, ఇలా. ఎక్కడ ఆపినా అతుక్కునేలా ఎడిట్ చెయ్యండి. 10:20 దగ్గర ఒక ఎర్ర గీత. గీత దాటాక క్లిప్ లేదు, ఇంటర్వ్యూ లేదు, డ్రోన్ షాట్ లేదు. కెమెరా 1 మండపం మీదే ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. టైమ్ 10:22. నెట్ పోయింది.

ముందు, పోయిందని ఎలా తెలుస్తుంది? ఓబీఎస్ కింది బార్‌లో ఆకుపచ్చగా ఉన్న గుర్తు ఎర్రగా మారుతుంది, `Dropped Frames` అంకె ఆగకుండా పెరుగుతుంది. ఒకసారి పెరిగి ఆగితే పట్టించుకోవద్దు. పది సెకన్లు ఆగకుండా పెరిగితే స్విచింగ్ దగ్గరున్నవాడు ఒకే మాట అంటాడు, "నెట్". ఎందుకు పోయింది అని ఎవరూ అడగకూడదు. సాఫ్ట్‌వేర్ జాబ్‌లో రిలీజ్ రాత్రుళ్లు చూశా, కారణం వెతకడం మొదలుపెడితే అరగంట ఎలా పోతుందో తెలీదు. ముందు వెనక్కి తిప్పాలి, కారణం పొద్దున చూసుకోవచ్చు.

10:22:10. ల్యాప్‌టాప్‌కున్న ఫైబర్ కేబుల్ పీకి, పక్కనే లేబుల్ కట్టి పెట్టుకున్న రెండో కేబుల్ పెట్టాలి. ఓబీఎస్ తనంతట తనే మళ్లీ కనెక్ట్ అవడానికి ట్రై చేస్తుంది, ఏదీ నొక్కక్కర్లేదు. 30 సెకన్లు చూడండి.

10:22:40. ఇంకా రాలేదా? `Stop Streaming`, `Stop Recording` రెండూ నొక్కి, ముందే సేవ్ చేసుకున్న తక్కువ ప్రొఫైల్‌కి మారి, రెండూ మళ్లీ మొదలుపెట్టాలి. 1080లో 4500 కేబీపీఎస్ పంపిస్తున్నవాళ్లం 480కి, 1000 కేబీపీఎస్‌కి దిగుతాం. స్ట్రీమ్ గానీ రికార్డింగ్ గానీ నడుస్తుండగా ఓబీఎస్ ప్రొఫైల్ మార్చనివ్వదు, అందుకే రెండూ ఆపి మొదలుపెట్టడం. స్ట్రీమ్ కీ రెండు ప్రొఫైల్స్‌లోనూ ఒకటే ఉండాలి.

10:23:40. అదీ నిలబడకపోతే చివరి మెట్టు, ఒక ఫొటో, దానితో పాటు మంత్రాల ఆడియో. మొత్తం 400 కేబీపీఎస్‌లో వెళ్లిపోతుంది. బొమ్మ లేకపోయినా ముహూర్తం వినపడుతుంది. ఇంటి దగ్గర పెద్దవాళ్లకి అది చిన్న విషయం కాదు.

10:28 దాటాక రిపేర్ బంద్. ఏది నడుస్తుంటే అదే. ల్యాప్‌టాప్‌లో రికార్డింగ్ మాత్రం, ప్రొఫైల్ మార్చే ఆ కాసేపు తప్ప, మొదటి నుంచీ నడుస్తూ ఉండాలి, అదీ ఎంకేవీ ఫార్మాట్‌లో. ఎంపీ4లో పెడితే, ల్యాప్‌టాప్ మధ్యలో ఆగిపోయినప్పుడు ఫైల్ అసలు తెరుచుకోకపోవచ్చు.

ఇదంతా పనిచెయ్యాలంటే ముందురోజే చెయ్యాల్సిన పని ఒకటి ఉంది. యూట్యూబ్ లైవ్ సెట్టింగ్స్‌లో `Enable Auto-stop` అని ఉంటుంది. దాన్ని ఆఫ్ చెయ్యండి. ఆన్‌లో ఉంటే, మీ నుంచి వీడియో రావడం ఆగగానే షో అయిపోయింది అనుకుని యూట్యూబ్ లైవ్‌ని క్లోజ్ చేసేస్తుంది. మీరు నెట్ సరిచేసుకుని వచ్చేసరికి ఆ లింక్ చచ్చిపోయి ఉంటుంది. కొత్త లింక్ పెట్టాలి, పాత లింక్ దగ్గర కూర్చున్న దుబాయ్ బావకి ఆ సంగతి ఎవరు చెప్తారు? ఆఫ్‌లో ఉంటే చూసేవాళ్లకి చక్రం తిరుగుతుంది, అంతే. ఆ చక్రం తిరిగేటప్పుడు చాట్‌లో మెసేజ్ పెట్టడానికి ఉప్మాకలో లేని మనిషి ఒకరు ఉండాలి. విశాఖలో ఇంట్లో కూర్చున్న ఫ్రెండ్‌కి ముందే ఛానెల్ యాక్సెస్ ఇవ్వండి. "నెట్ సమస్య, ఇదే లింక్‌లో ఉండండి" అని టైప్ చేసి రెడీగా పెట్టుకుని, పిన్ చేస్తాడు. మన నెట్టే పోయినప్పుడు మనం ఎలా పెడతాం మరి?

ఇక ఆ రెండో కేబుల్ ఎక్కడి నుంచి వస్తుంది? చాలామంది రెండో సిమ్ హాట్‌స్పాట్ అంటారు. మామూలు రోజు మధ్యాహ్నం స్పీడ్ టెస్ట్ చేస్తే 20 ఎంబీపీఎస్ అప్‌లోడ్ చూపిస్తుంది, సంబరపడిపోతాం. కల్యాణం రాత్రి అదే టవర్ కింద వేలమంది స్టేటస్‌లు పెడుతుంటే 1 కూడా రాకపోవచ్చు. జియో పోతే ఎయిర్‌టెల్ ఉంది కదా అంటే, జనం రెండిటి మీదా ఉన్నారు. రెండూ ఒకే కారణంతో పోతాయి కాబట్టి అది బ్యాకప్ కాదు. మెయిన్ లైన్‌గా ఫైబర్ పెట్టుకోండి, దానికి జనంతో సంబంధం లేదు. అది పోవాలంటే లారీ తగిలి వైర్ తెగాలి, లేదా కరెంట్ పోవాలి. బ్యాకప్‌గా సిమ్ రౌటర్‌ని మండపం దగ్గర కాకుండా, జనానికి దూరంగా ఒక డాబా మీద పెట్టి లాన్ కేబుల్ లాగండి. కేబుల్ 100 మీటర్ల వరకే పనిచేస్తుంది, ఇల్లు దాన్ని బట్టి వెతుక్కోండి. పండగ ముందు రోజు సాయంత్రం జనం మొదలయ్యాక టెస్ట్ చెయ్యండి. ఖాళీ రోడ్డు మీద చేసిన టెస్ట్ పనికిరాదు.

కరెంట్ గురించి ఎక్కువ చెప్పను. జనరేటర్ ఉన్నా, అది అందుకునే ఆ కొన్ని సెకన్లలో ఫైబర్ డబ్బా ఆగిపోయి, మళ్లీ లేవడానికి రెండు మూడు నిమిషాలు తీసుకుంటుంది. ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది, ఈ డబ్బాకి లేదు. దానికో మినీ యూపీఎస్ పెట్టండి.

ఆడియో దగ్గర ఒక ఉచ్చు ఉంది. సౌండ్ సిస్టమ్ నుంచి నేరుగా లైన్ తీసుకుంటాం కదా, పూజకి ముందు వాళ్లు భక్తిపాటల రికార్డులు వేస్తారు. అవి ఏదో ఒక కంపెనీ కాపీరైట్. లైవ్ నడుస్తుండగానే యూట్యూబ్ గుర్తుపట్టి, మన వీడియో బదులు ఒక బొమ్మ పెట్టేయొచ్చు, స్ట్రీమ్ ఆపేయొచ్చు కూడా. అందుకే 9:30 నుంచి పూజ మొదలయ్యే దాకా ఆ లైన్ మ్యూట్, కామెంటరీ మైక్ మాత్రమే ఓపెన్. ఆ మైక్‌లోకి పాట మరీ గట్టిగా వస్తుంటే మైక్‌ని స్పీకర్లకి దూరంగా జరపండి. అన్‌మ్యూట్‌కి క్యూ, అర్చకస్వామి మైక్ ముందుకి రావడం. ఈ లైన్‌ని కాగితం మీద పెద్ద అక్షరాలతో రాయండి. మ్యూట్ తియ్యడం మర్చిపోతే సంకల్పం మొత్తం మూకీ సినిమా.

తలంబ్రాలు, హారతి అయ్యాక కామెంటరీ ముగింపు చెప్తారు. అప్పుడు ఓబీఎస్‌లో `Stop Streaming` నొక్కడంతో పని అయిపోదు, ఆటో స్టాప్ ఆఫ్ చేశాం గుర్తుందా? యూట్యూబ్ స్టూడియోలోకి వెళ్లి `End Stream` చేతితో నొక్కాలి. లేకపోతే లైవ్ ముగియకుండా అలాగే వేలాడుతూ ఉంటుంది. అది నొక్కేది విశాఖలో ఉన్న ఫ్రెండ్. కాగితంలో ఆఖరి లైన్ అతని పేరు మీదే.