అశోక్ చౌక్ పిల్లల చదువుపై ఒక చిన్న పరిశోధన: ప్రశ్న, పద్ధతి, కాలపట్టిక
(యువజనుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సోలాపూర్ తూర్పు భాగంలోని అశోక్ చౌక్ మీలో కొందరికి బంధువుల ఊరు, కొందరికి పేరు మాత్రమే తెలిసిన చోటు. తెలంగాణ నుండి తరాల కిందట వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలు అక్కడ స్థిరపడ్డాయి. దుప్పట్లు, తువ్వాళ్లు నేసే సాంచెల చప్పుడు సందుల్లో వినిపిస్తూ ఉంటుంది. చాలా ఇళ్లలో ఆడవాళ్లు బీడీలు చుడతారు. ఇంట్లో మాట తెలుగు, చాలామంది పిల్లలకు బడిలో పుస్తకం మరాఠీ. ఆ పిల్లల్లో రెండో తరగతి వాళ్లు ధారాళంగా చదవడానికి మనం ఏం చేయగలమో తెలుసుకోవాలని ఒక చర్యాత్మక పరిశోధన ప్రతిపాదన తయారు చేస్తున్నాం. దాన్ని ఎలా కడుతున్నామో ఈ రోజు మీ ముందు పెడతాం.

చర్యాత్మక పరిశోధన అంటే బయట నిలబడి లోపాలు రాయడం కాదు. పని చేసేవాళ్లే ఒక మార్పు చేసి, ఫలితం కొలిచి, ఆలోచించి, పనిని సరిదిద్దుకుని మళ్లీ చేయడం. కర్ట్ లెవిన్ 1946లో ఈ ఆలోచనను రాశాడు. అందువల్ల మన ప్రతిపాదనలో మొదటి మాట ప్రశ్నే కావాలి.

మేము మొదట రాసుకున్న ప్రశ్న ఇది: "అశోక్ చౌక్ పిల్లలు చదువులో ఎందుకు వెనకబడుతున్నారు?" వారం తర్వాత దాన్ని కొట్టేశాం. పేదరికం, భాష, బడి, ఇల్లు అన్నీ దానికి జవాబులే. ఏ జవాబు తప్పో తేల్చే దారి అందులో లేదు. పైగా పిల్లలు వెనకబడ్డారని ముందే తీర్పు చెప్పేసింది. తిరగరాసిన ప్రశ్న ఇలా ఉంది: "ఇంట్లో తెలుగు మాట్లాడుతూ మరాఠీ మాధ్యమంలో రెండో తరగతి చదివే 24 మంది పిల్లలతో ఒక కథను ముందు తెలుగులో మాట్లాడుకుని, తర్వాత అదే కథను మరాఠీలో జంటగా పలుమార్లు చదివిస్తే, వారానికి నాలుగు రోజులు, రోజుకు 20 నిమిషాల చొప్పున ఆరు వారాల్లో, వాళ్లు ఎన్నడూ చూడని మరాఠీ పాఠాన్ని నిమిషానికి ఎన్ని పదాలు ఎక్కువగా, ఎంత అర్థంతో చదవగలుగుతారు?" ఎవరు, ఏం చేస్తాం, ఎంతకాలం, దేన్ని కొలుస్తాం అన్న నాలుగూ ఇందులో ఉన్నాయి.

"ఎన్నడూ చూడని పాఠం" అన్న మాటను గుర్తు పెట్టుకోండి. సాధన చేసిన కథనే పరీక్షలో చదివిస్తే ప్రతి బిడ్డా బాగా చదివినట్టే కనిపిస్తుంది, ఎందుకంటే ఆ కథ నోటికి వచ్చేసి ఉంటుంది. మంచి మనసుతో చేసే పనులు తమను తాము మోసం చేసుకునేది ఇక్కడే.

ఇక కొలత. 2021 జూలైలో మొదలైన నిపుణ్ భారత్ కార్యక్రమం రెండో తరగతి చివరికి నిమిషానికి 45 నుండి 60 పదాలు, మూడో తరగతి చివరికి కనీసం 60 పదాలు అర్థంతో చదవాలని లక్ష్యం పెట్టింది. కొలిచే తీరు తేలికే. బిడ్డ ముందు పాఠం ఉంచి ఒక నిమిషం చదివించాలి. చదివిన పదాల్లోంచి తప్పులు తీసేయాలి. తనే దిద్దుకుంటే తప్పు కాదు. మూడు సెకన్లు ఆగిపోతే పదం మనం చెప్పి, దాన్ని తప్పుగా లెక్కించాలి.

అసలు చిక్కు ఏది తప్పు అన్న దగ్గర వస్తుంది. మన భాషలో మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. మరాఠీలో ఇల్లు అనే మాటను "ఘర" అని రాసినా "ఘర్" అని పలుకుతారు. తెలుగు ఇంటి బిడ్డ దాన్ని "ఘర" అనే చదవవచ్చు. "ఖూప్" అనే మాటలోని ఒత్తు ఖ, క లాగా రావచ్చు. బిడ్డ అక్షరం గుర్తుపట్టింది, మాట తెలుసుకుంది, నోరు మాత్రం అమ్మ భాషలో ఉంది. దాన్ని తప్పుగా లెక్కిస్తే మనం కొలిచేది చదువును కాదు, ఇంటి యాసను.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. ఒక పాప నిమిషంలో 34 పదాలు చదివిందనుకుందాం. వినే వ్యక్తి 9 తప్పులు వేశారు, మిగిలింది 25. రికార్డింగ్ మళ్లీ వింటే ఆ తొమ్మిదిలో ఐదు "ఘర" లాంటివే. వాటిని తీసేస్తే పాప లెక్క 30. నిజమైన తప్పులు నాలుగు. రెండు జోడాక్షరాల దగ్గర. రెండు హ్రస్వ ఇకారం దగ్గర, ఎందుకంటే దేవనాగరిలో ఆ గుర్తు హల్లుకు ముందు వస్తుంది, పలకడం మాత్రం తర్వాత. అంటే ఈ పాపకు ఉచ్చారణ పాఠం అక్కర్లేదు, ఆ రెండు చోట్ల సాధన కావాలి. అదే పాపను కథ గురించి మరాఠీలో నాలుగు ప్రశ్నలు అడిగితే ఒక్కదానికే జవాబు చెప్పింది. అవే తెలుగులో అడిగితే మూడింటికి చెప్పింది. మొదటి లెక్క ప్రకారం ఈమె అర్థం చేసుకోని మందబుద్ధి. రెండో లెక్క ప్రకారం చదివింది అర్థమై, చెప్పడానికి మరాఠీ మాటలు చాలని పిల్ల. ఒకే పాప మీద రెండు తీర్పులు. మన ప్రతిపాదనలో అన్నిటికంటే ఎక్కువ పణంగా ఉన్నది ఇదే.

అందుకని నియమం ముందే రాసిపెట్టాం: చివర చిన్న అకారం చేరినా, ఒత్తు పోయినా తప్పు కాదు, పక్కన గుర్తు పెట్టుకుంటే చాలు. "ఘరా" అని దీర్ఘం తీస్తే మాత్రం తప్పు, మరాఠీలో అది వేరే రూపం. అర్థం ప్రశ్నలకు జవాబు ఏ భాషలో చెప్పినా సరే. ప్రతి రికార్డింగ్‌నూ ఇద్దరు విడివిడిగా విని లెక్క వేస్తారు. ఇద్దరి లెక్కకు మూడు పదాలకు మించి తేడా వస్తే కూర్చుని మళ్లీ వింటారు. ఆ ఇద్దరిలో ఒకరు మరాఠీ బడిలో చదివినవారై ఉండాలి.

పద్ధతికి వద్దాం. ఆరు వారాల్లో పిల్లల లెక్క పెరిగితే అది మనవల్లేనా? బడిలోనూ పాఠాలు జరుగుతూనే ఉంటాయి కదా. అందుకని మొదటి కొలత తర్వాత 24 మందిని వాళ్ల లెక్కల వరుసలో పెట్టి, దగ్గరదగ్గరగా ఉన్న ఇద్దరిద్దరిని తీసుకుని చీటీ వేస్తాం. ఒకరు మొదటి గుంపులో, మరొకరు రెండో గుంపులో పడతారు. మొదటి పన్నెండు మంది ఇప్పుడే మొదలుపెడతారు, మిగతావాళ్లు ఆరు వారాల తర్వాత. సాయం అందరికీ అందుతుంది, కానీ మొదటి ఆరు వారాలు పోల్చడానికి దారి ఉంటుంది. చురుకైన పిల్లలను ముందు తీసుకోవాలన్న కోరికకు ఈ చీటీ అడ్డుకట్ట.

రోజు పని ఇలా ఉంటుంది. మొదటి నాలుగు నిమిషాలు కథ గురించి తెలుగులో మాటలు. తర్వాత మూడు నిమిషాలు మనవాళ్లు వేలు పెట్టి మరాఠీలో చదివి వినిపిస్తారు. ఎనిమిది నిమిషాలు పిల్లలు జంటగా మూడేసిసార్లు చదువుతారు, ఒకరు చదువుతుంటే మరొకరు వేలు పెట్టి వెంట చూస్తారు. చివరి ఐదు నిమిషాలు ఆగిపోయిన రెండు మూడు మాటలను పలక మీద రాసి విడదీసి చూస్తారు. కథ బాలభారతి రెండో తరగతి స్థాయిలో 50, 60 పదాలకు మించదు. రెండు రోజులకు ఒక కథ, అంటే ఆరు వారాలకు పన్నెండు కథలు.

కొలతకు వేరే నాలుగు పాఠాలు కావాలి. వాటిలో ఒకటి తేలికై మరొకటి కష్టమైతే, మార్పు పిల్లలది కాక పాఠానిది అవుతుంది. అందుకే నాలుగు వరుసలు తయారు చేసి, ఆరుగురికొక వరుస ఇస్తాం. ప్రతి ఆరుగురిలో ఒక్కో గుంపు నుండి ముగ్గురు ఉంటారు. కొలిచేది సాంచెలు నడవని గదిలో జరగాలి, లేకపోతే రికార్డింగ్‌లో సాంచె తప్ప బిడ్డ గొంతు వినిపించదు.

తల్లిదండ్రుల అనుమతి తెలుగులో చదివి వినిపించి తీసుకుంటాం. ఏ విశ్వాసపు ఇంటి పిల్లలైనా రావచ్చు. ఇది చదువు పనే, బోధ కాదని ముందే చెబుతాం. లెక్కల కాగితం మీద పేర్లు ఉండవు, అంకెలే ఉంటాయి. పని ముగిశాక రికార్డింగులు తీసేస్తాం.

కాలపట్టికను పంచాంగం చూసి వేసుకోవాలి. మహారాష్ట్రలో బడులు జూన్ మధ్యలో తెరుస్తారు. జూన్ చివరి రెండు వారాలు అనుమతులకు, జూలై మొదటి వారం పాఠాలను వేరే పిల్లలతో సరిచూడడానికి, రెండో వారం మొదటి కొలతకు. మూడో వారం నుండి ఆగస్టు చివరిదాకా మొదటి గుంపు పని. శ్రావణ పౌర్ణమికి మార్కండేయ రథోత్సవం ఉంటుంది, ఆ రోజుల్లో పిల్లలు రారు. గణపతి పండుగకూ అంతే. అందుకని ఒక వారం అదనంగా ఉంచాం. సెప్టెంబరు మొదట్లో అందరికీ రెండో కొలత. ఆ వారమే కూర్చుని ఏది పనిచేసిందో చూసి పద్ధతి మార్చుకుని, రెండో గుంపును మొదలుపెట్టి దీపావళి సెలవులకు ముందు ముగిస్తాం, మూడో కొలత తీస్తాం. సెలవుల తర్వాత మూడు వారాలకు నాలుగో కొలత, నేర్చుకున్నది నిలిచిందా అని చూడడానికి. డిసెంబరులో తల్లిదండ్రులకు వివరణ. జనవరిలో సిద్ధేశ్వర గడ్డా జాతర ఉంటుంది కాబట్టి ఏదీ అప్పటికి వాయిదా వేయకూడదు.

చివరగా, ఓడిపోయామని ఎలా తెలుస్తుంది? సెప్టెంబరు కొలతలో మొదటి గుంపు పెరుగుదల రెండో గుంపు కంటే సగటున ఎనిమిది పదాలైనా ఎక్కువ లేకపోతే పద్ధతి మార్చాలి అని ఇప్పుడే రాసుకున్నాం. వేగం పెరిగి అర్థం జవాబులు తగ్గితే అదీ ఓటమే, పిల్లలకు పరుగు నేర్పామన్నమాట. ముగ్గురు నలుగురి లెక్కలే సగటును లాగవచ్చు కాబట్టి ప్రతి బిడ్డ గీతనూ విడిగా చూస్తాం. గెలిచినా ఒక మాట చెప్పలేం: ఫలితం తెలుగు మాటల వల్లనా, మళ్లీమళ్లీ చదవడం వల్లనా అని. రెండూ కలిపి చేస్తున్నాం కదా. 24 మందితో తేలింది సోలాపూర్ అంతటికీ వర్తిస్తుందనీ అనలేం.

ఇప్పుడు మాకు కావలసింది మరాఠీ, తెలుగు రెండూ చదవగలిగిన నలుగురు. వారానికి నాలుగు సాయంత్రాలు, జూలై నుండి దీపావళి దాకా. రాగలిగినవాళ్లు మొదట ఒక పని చేయండి: మీ ఇంటి పక్క రెండో తరగతి బిడ్డ ఒక నిమిషం చదివితే విని, ఎక్కడ ఆగిందో రాసుకుని రండి. ఆ కాగితాలతోనే వచ్చే సమావేశం మొదలుపెడదాం.