1.2 కేజీల చెక్క ప్యాట్రన్‌కి 18 కేజీల ఇనుము ఎందుకు?

ఈ రోజు ఎపిసోడ్ మా సంగం నుంచే. మొన్న మా పొలంలో ఆయిల్ ఇంజన్ పుల్లీ పగిలిపోయింది. పాత మోడల్, షాపుల్లో లేదు. వరి పొట్ట మీద ఉంది. అందుకే టేకుతో ప్యాట్రన్ చేయించి, ఒక చిన్న ఫౌండ్రీకి తీసుకెళ్ళాం.

ప్యాట్రన్ 1.2 కేజీలు తూగింది. అదే టేకు ముక్క 100 సీసీది తూకం వేస్తే 65 గ్రాములు. పోత ఇనుము 100 సీసీ అయితే 720 గ్రాములు. అంటే ఇనుము 11 రెట్లు బరువు. 13 కేజీలు కరిగిస్తే చాలని నేనే లెక్క చెప్పాను.

పోస్తుండగానే లాడిల్ ఖాళీ అయిపోయింది. పైన హబ్ నిండలేదు. కుర్రాడు ఇంకో లాడిల్ తేబోతే మేస్త్రీ ఆపాడు. "వద్దబ్బాయా, అతుక్కోదు" అన్నాడు. అప్పటికే పైపొర గట్టిపడి ఉంటుంది. కొత్త లోహం దాని మీద కూర్చుంటుంది గానీ కలవదు. మధ్యలో సన్నటి గీత మిగులుతుంది, దాన్నే కోల్డ్ షట్ అంటారు. బెల్ట్ లాగినప్పుడు అక్కడే పగులుతుంది.

మరి నా తప్పు ఎక్కడ? పుల్లీని లెక్కేశాను, పుల్లీ దాకా లోహం వెళ్ళే దారిని లెక్కేయలేదు.

మేస్త్రీతో కూర్చుని మళ్ళీ మొదలుపెట్టాం. ప్యాట్రన్ 1,200 గ్రాములని 0.65తో భాగిస్తే 1,846 సీసీ. కానీ షాఫ్ట్ రంధ్రం దగ్గర ఇసుక కోర్ ఉంటుంది, అక్కడికి లోహం రాదు. 4 సెంటీమీటర్ల వ్యాసం, 14 పొడవు, అంటే 176 సీసీ. అది తీసేస్తే 1,670 సీసీ, అంటే 12 కేజీలు. కోర్ మర్చిపోవడం వల్ల నా పాత లెక్క ఒక కేజీ పెరిగింది, అయినా చాల్లేదు చూడండి.

ఎందుకంటే, లోహం పోసే గుంట, కిందికి దిగే గొట్టం, రన్నర్ కలిపి 280 సీసీ దాకా ఉన్నాయి. అది 2 కేజీలు. లోహం ముందు వీటినే నింపుతుంది. హబ్ మీద రైజర్ 6 సెంటీమీటర్ల వ్యాసం, 10 ఎత్తు, ఇంకో 2 కేజీలు. మందంగా ఉన్న హబ్ చల్లారుతూ కుదించుకుంటే, అందులోకి లోహం దిగేది ఈ రైజర్ నుంచే. మొత్తం 16 అయ్యింది. స్లాగ్‌కీ, లాడిల్ అడుగున మిగిలేదానికీ 10 శాతం కలిపితే 17.6. అందుకే 18 కేజీలు కరిగించాం.

ఈసారి రైజర్ నోటి దాకా నిండింది. మిగిలింది పొడి అచ్చులో పోశారు, తడి తగిలితే ఎగిరి మీద పడుతుంది.

ఒక జాగ్రత్త. ప్యాట్రన్ చెక్క తడిగా ఉన్నా, లోపల మేకులున్నా తూకం పెరుగుతుంది, లెక్క తప్పుతుంది. అప్పుడు కొలతలు తీసి సీసీ లెక్కే వేసుకోండి.

పుల్లీ బిగించాం, పొలానికి నీళ్ళు పారుతున్నాయి. ఉంటాను మరి.