చేతి పట్టు, అల్లిక బిరుసు



వెనక్కొచ్చిన క్రోషే టేబుల్ రన్నర్లు చూశాను. డిజైను సరిగ్గానే ఉంది, కుట్టు ఎక్కడా తప్పలేదు. కానీ బల్ల మీద పరిస్తే అట్టలాగ నిలబడతన్నాయి, పొడవూ తగ్గింది. మంచి నూలే కదా అంటారు. నూలుది కాదమ్మా, పట్టుది.

ఒకామె పని కొలిచి చూద్దాం. మూడున్నర మిల్లీమీటర్ల సూదితో 20 కుట్లకు 10 సెంటీమీటర్లు రావాలి. ఆమెకు 8 వచ్చింది. అంటే 100 కుట్ల రన్నరు 50 సెంటీమీటర్లకు బదులు 40 దగ్గరే ఆగిపోతుంది. ఆ 50 రావాలంటే వరసకు ఇంకో 25 కుట్లు వెయ్యాలి. కూలి మాత్రం ముక్కకే ఇస్తారు, కుట్టుకు కాదు!

ఎందుకిలా అవుతుందో సూదిని చూస్తే తెలుస్తుంది. కొక్కెం కింద సన్నని మెడ, దాని తర్వాత లావు కాడ. ఉచ్చు కొలత ఆ కాడ మీద తయారవ్వాలి. చెయ్యి బిగిసినవాళ్ళు ఉచ్చును మెడ దగ్గరే ఉంచి, కుట్టు కాగానే నూలును గట్టిగా లాగుతారు. ఉచ్చు మెడంత సన్నమైపోతుంది. తర్వాతి వరసలో సూది దూరదు, ఇంకా గట్టిగా పట్టుకుంటారు. మొదటి గొలుసు విల్లులా వంగిందంటే అప్పుడే ఆగి విప్పేయండి.

ఎడమ చేతితో మొదలుపెట్టండి. చిటికెన వేలికి నూలు రెండు చుట్లు చుట్టి ఉంటే ఒక్కటే ఉంచండి. మనది ఒకపక్క పులికాట్, ఒకపక్క సముద్రం ఉన్న చోటు. చెమట పట్టిన వేళ్ళ మీద నూలు జారదు. పక్కన పొడి గుడ్డ పెట్టుకోండి. బంతి నుంచి ముందే మూరెడు నూలు వదులుగా లాగి పెట్టుకుంటే సగం బిగువు పోతుంది.

ఇక కుడి చెయ్యి. పెన్నులా పట్టుకున్నా, కత్తిలా పట్టుకున్నా ఫర్వాలేదు. కాడ మరీ సన్నమైతే వేళ్ళు నొక్కుకుంటాయి, అందుకని పట్టుకునే చోట మెత్తని గుడ్డపీలిక చుట్టి దారంతో కట్టండి. ఉచ్చు తీశాక కిందికి గుంజకుండా, కాడ దాకా పైకి ఎత్తి వదలండి. బొటనవేలి గోరు తెల్లబడితే నొక్కుతున్నట్టే.

సూది సైజు పెంచితే చాలు కదా అని ఒకరడిగారు. మొదటి గొలుసుకు అర మిల్లీమీటరు పెద్ద సూది మంచిదే. మిగతా పనికి పెంచినా చెయ్యి అలాగే ఉంటే కొన్నాళ్ళకు మళ్ళీ బిగుస్తుంది. సగంలో పట్టు మార్చకండి, వరస తేడా కనిపిస్తుంది. ముందు 20 కుట్ల నమూనా అల్లి, కొలిచి, అప్పుడు అసలు ముక్క మొదలుపెట్టండి. రాత్రిళ్ళు బొటనవేలు, చూపుడువేలు తిమ్మిరెక్కుతుంటే మాత్రం డాక్టరుకు చూపించండి.

ఇప్పుడు సూదులు తీయండి, 20 కుట్లు వేసి కొలుద్దాం.