నోటీసు ఇచ్చిన రోజు లెక్కకు రాదు, మీటింగు రోజు లెక్కకు రాదు

(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)



నాకు ఇచ్చిన అంశం చిన్నదే. సర్వసభ్య సమావేశానికి నోటీసు ఎన్ని రోజుల ముందు ఇయ్యాలి, ఆ రోజులు ఎట్లా లెక్కపెట్టాలి అన్నది. రోజులు లెక్కపెట్టడం ఎవరికి రాదు అని మీరు అనుకోవచ్చు. కానీ సంఘాల్లో గొడవ వచ్చినప్పుడు ముందు బయటికి వచ్చేది మినిట్స్ పుస్తకం, దాని వెంట నోటీసు మీద సంతకాలు. అక్కడ ఒక్క రోజు తక్కువ పడితే తీర్మానం మొత్తం మీద అనుమానం వస్తది.

మన సమాఖ్యలు చాలావరకు 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద రిజిస్టరు అయినవి. మీటింగు ఎట్లా పిలవాలో, ఎన్ని రోజుల ముందు చెప్పాలో మన బైలా చూసి చెప్పాలి. ఒక్కో సంఘం బైలాలో ఒక్కో లెక్క ఉండొచ్చు. అందుకని ముందు మీ బైలా తెరిచి ఆ అంకె చూసుకోండి. పక్క ఊరి సంఘం చేసినట్టు మనం చేయొద్దు.

ఆ అంకె పక్కన ఒక మాట ఉంటే జాగ్రత్తగా చదవాలి. ఇంగ్లీషులో దాన్ని క్లియర్ డేస్ అంటారు. మన మాటలో చెప్పాలంటే నికరమైన రోజులు, మధ్యలో పూర్తిగా మిగిలే రోజులు. నోటీసు చేతికిచ్చిన రోజు తీసెయ్యాలి. మీటింగు జరిగే రోజు కూడా తీసెయ్యాలి. ఆ రెండింటి మధ్య ఎన్ని రోజులు మిగిలితే అవే నోటీసు రోజులు.

ఇది కొత్తగా పుట్టిన నియమం కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 1998లో మండల పరిషత్ అధ్యక్షుల వంటి వాళ్ల మీద అవిశ్వాసం పెట్టేందుకు చేసిన నియమాల్లో, సభ్యులకు 15 నికరమైన రోజుల నోటీసు ఇయ్యాలని ఉంది. నోటీసు తేదీని, సమావేశం తేదీని రెండింటినీ వదిలేసి లెక్కపెట్టాలని అక్కడ విడమరిచి రాసిన్రు. 2013 కంపెనీల చట్టం కూడా సర్వసభ్య సమావేశానికి 21 నికరమైన రోజులు అడుగుతది.

ఇప్పుడు ఒక లెక్క చేసి చూద్దాం. ఒక గ్రామ సంఘం బైలాలో 14 నికరమైన రోజులు అని ఉందనుకుందాం. మీటింగు జూన్ 28న పెట్టుకున్నరు. చాలామంది 28లో నుంచి 14 తీసేసి, జూన్ 14న నోటీసు ఇస్తే సరిపోతది అంటారు. సరిపోదు. 14వ తేదీ పోయింది, 28వ తేదీ పోయింది. మిగిలింది 15 నుంచి 27 వరకు. వేళ్ల మీద లెక్కపెట్టండి, 13 రోజులే. ఒకటి తక్కువ.

మరి ఎప్పుడు ఇయ్యాలి? జూన్ 13న. అప్పుడు మధ్యలో 14 నుంచి 27 వరకు సరిగ్గా 14 రోజులు వస్తయి. దీనికి గుర్తు ఏందంటే, బైలాలో ఉన్న అంకెకు ఒకటి కలిపి, మీటింగు తేదీలో నుంచి తీసెయ్యాలి. 14కు ఒకటి కలిపితే 15. 28లో 15 పోతే 13. ఏడు రోజులుంటే ఎనిమిది, 21 రోజులుంటే 22 తీసెయ్యాలి.

నెల మారినప్పుడు తప్పు ఎక్కువ జరుగుతది. అదే మీటింగు జూలై 5న ఉంటే, జూన్‌కు 30 రోజులే కాబట్టి నోటీసు జూన్ 20న చేతికి అందాలి. జూన్ 21 నుంచి 30 దాకా పది, జూలై 1 నుంచి 4 దాకా నాలుగు, మొత్తం 14. ఇట్లాంటప్పుడు నోటితో లెక్క వద్దు. గోడ మీది క్యాలెండరు తీసి, నోటీసు రోజుకు, మీటింగు రోజుకు గుండ్రం చుట్టి, మధ్యలో గళ్లు లెక్కపెట్టండి.

లెక్క సరిగా వచ్చినా ఇంకో దగ్గర దెబ్బ తింటం. నోటీసు మీద రాసిన తేదీ ఒకటి, సభ్యురాలి చేతికి అందిన తేదీ ఒకటి. 13న రాసిన కాగితం వీఓఏ దగ్గర సంచిలోనే ఉండి, 16న చేతికి వస్తే, ఆమెకు మిగిలింది 17 నుంచి 27 వరకు 11 రోజులే. 1960లలో మైసూరు రాష్ట్రంలోని ఒక మున్సిపాలిటీ కేసులో సుప్రీంకోర్టు ఇదే మాట చెప్పింది. నోటీసు పంపడంతోనే ఇచ్చినట్టు కాదు, ఆ మనిషికి అందాలి, లేదా అందించబోయి ఉండాలి అని. ఆ కేసులో చట్టం మూడు నికరమైన రోజులు అడిగితే కొందరు సభ్యులకు అంతకంటే తక్కువ మిగిలింది. అయినా ఆ లోపం వల్ల ఎవరికీ నష్టం జరగలేదని, ఆ ఒక్క కారణంతో మీటింగు చెల్లకుండా పోదని తీర్పు ఇచ్చింది.

ఈ తీర్పు విని, అయితే ఒకటి రెండు రోజులు తక్కువైనా పర్వాలేదు అనుకోవద్దు. అది కోర్టు దాకా పోయి, ఎవరికి నష్టం జరిగింది, ఎవరికి జరగలేదు అని తేల్చుకున్న తర్వాత వచ్చిన మాట. వేరే చట్టం, వేరే నియమం అయితే వేరే తీర్పు రావచ్చు. మనకు ఆ ఖర్చు, ఆ తిరుగుడు ఎందుకు? ఒక్క రోజు ముందు కాగితం ఇస్తే సరిపోయేదానికి!

నష్టం ఎవరికి జరుగుతదో మన దగ్గర నుంచే చూడండి. ఎడమ కాలువకు నీళ్లు వదిలితే నాట్లు మొదలైతయి. తెల్లారకముందే కూలికి పోయిన ఆమె పొద్దుగూకినాక ఇంటికి వస్తది. ఇంకొకామె తల్లిగారింటికి పోయి ఉంటది. ఎన్నికలు ఉన్నా, ఒకరి సభ్యత్వం తీసేసే మాట ఉన్నా, అప్పు మాట ఉన్నా, ఆమె రావాలి, లెక్కలు అడగాలి, పక్కవాళ్లతో మాట్లాడుకోవాలి. ఆ మధ్య రోజులు ఆమెకు ఇచ్చినవి. అందుకే సాయంత్రం ఏడు గంటలకు నోటీసు ఇచ్చి, ఈ రోజు కూడా కలుపుకోండి అంటే కుదరదు.

ఇక చేసే పద్ధతి చెప్తా. మీటింగు తేదీ అనుకోగానే ఆఖరు నోటీసు తేదీ లెక్కగట్టి పుస్తకంలో రాయండి. ఆ తేదీకి రెండు మూడు రోజుల ముందే పంచడం మొదలుపెట్టండి. నోటీసులో తేదీ, టైము, స్థలం, మాట్లాడే అంశాలు ఉండాలి. ఒక జాబితా పెట్టి, పేరు పక్కన సంతకం లేదా వేలిముద్ర, దాని పక్కన ఆమెకు అందిన తేదీ రాయించండి. తేదీ లేని సంతకం మనకు పనికిరాదు. అన్ని తేదీల్లో ఆఖరుది ఏదో దాని మీదనే లెక్క చూసుకోవాలి. డప్పు చాటింపు, వాట్సాప్ మంచివే, గుర్తు చేయడానికి. బైలాలో వాటిని నోటీసుగా ఒప్పుకుంటేనే వాటిని నోటీసు అనాలి.

ఒకవేళ రోజులు తక్కువ పడ్డట్టు ముందే తెలిస్తే, పాత తేదీ దిద్ది సంతకాలు వెనక్కి వేయించే పని చెయ్యొద్దు. అది చిన్న లోపాన్ని పెద్ద తప్పుగా చేస్తది. మీటింగు తేదీని వెనక్కి జరిపి, కొత్త నోటీసు మళ్లీ అందరికీ ఇయ్యండి. కొత్త తేదీకి రోజుల లెక్క కొత్తగా మొదలైతది, పాత నోటీసు రోజులు కలవవు.

బైలాలో నికరమైన అని లేకుండా ఉత్తగ 15 రోజుల ముందు అని మాత్రమే ఉంటే ఎట్లా అని ఒక చెల్లె అడిగింది. అప్పుడు కూడా రెండు చివరలు వదిలేసే లెక్కపెట్టండి. ఎక్కువ రోజులు ఇచ్చినందుకు ఎవరూ అడ్డం చెప్పరు.

ఇంటికి పోయినాక మీ గ్రామ సంఘం బైలాలో ఆ అంకె ఎంత ఉందో చూసి, దానికి ఒకటి కలిపి, మినిట్స్ పుస్తకం మొదటి పేజీ లోపల రాసి పెట్టుకోండి. పుస్తకం రాసేవాళ్లు మారినా ఆ లెక్క మారదు.