ఫ్యాను అసలు ఖరీదు ఎంత?

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభ్యులలో చిన్న దుకాణదారులు చాలామంది ఉన్నారు. 2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చిన నాటినుంచి ఒక మాట మేము వింటూనే ఉన్నాము. "భాయ్, కొన్నప్పుడూ పన్ను, అమ్మినప్పుడూ పన్ను, ఇక మిగిలేదేముంది?" అంటారు. ఈ లెక్కలో తప్పెక్కడుందో ఒక్క సీలింగ్ ఫ్యానుతో చూద్దాము.

మామూలు పద్ధతిలో రిజిస్టరైన ఎలక్ట్రికల్ షాపు అనుకోండి. హోల్‌సేల్ వ్యాపారి ఫ్యాను వెయ్యి రూపాయలకు ఇచ్చాడు. దానిపై 18 శాతం పన్ను 180. చేతినుంచి పోయింది 1180. కాని ఆ 180 ఖర్చు కాదు. మన పేర ప్రభుత్వం దగ్గర ఉన్న జమ. దాన్నే ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్ అంటారు. కనుక ఫ్యాను అసలు ఖరీదు వెయ్యి రూపాయలే.

షాపు అద్దె, జీతాలు, మన లాభం అన్నీ కలిపి 200 కావాలనుకుందాము. అమ్మకం ధర 1200. దానిపై పన్ను 216. గిరాకీ ఇచ్చేది 1416. ఆ 216లో మన జమ 180 తీసేసి మిగిలిన 36 రూపాయలే కట్టాలి. 1416లోంచి 1180, 36 తీసేయండి. సరిగ్గా 200 మిగులుతుంది. పన్ను మన జేబులోంచి పోలేదు.

ఇప్పుడు తప్పు లెక్క చూడండి. మా ఎరుకలోని ఒక సోదరుడు 1180నే ఖరీదుగా పట్టుకుని, దానికి 200 చేర్చి 1380 చేసి, దానిమీద మళ్ళీ 18 శాతం వేసేవాడు. ఫ్యాను 1628 రూపాయలు దాటేది. ఎదురు షాపులో అదే ఫ్యాను 1416. గిరాకీ ఎందుకు తగ్గిందో ఆయనకు చాలాకాలం అర్థం కాలేదు.

రెండో పొరపాటు ఇంకా పెద్దది. "బిల్లు లేకుండా 1100కే ఇస్తాను, ఎనభై రూపాయలు కలిసొస్తుంది" అని ఎవడో ఆశ పెడతాడు. అది చట్టవిరుద్ధం, ఆ సంగతి అలా ఉంచండి. లెక్కకైనా నిలవదు. బిల్లు లేనిదే జమ లేదు. కనుక ఆ ఫ్యాను ఖరీదు పూర్తిగా 1100. బిల్లుతో కొన్నదాని ఖరీదు వెయ్యి. దాన్ని 1416కు బిల్లు రాసి అమ్మితే 216 మొత్తం కట్టాలి. మిగిలేది వంద రూపాయలే. చవకనుకున్నది వంద రూపాయలు ప్రియమైంది!

మూడోది మన తప్పు లేకుండా వచ్చే నష్టం. బిల్లు ఉంది, పన్ను కట్టాము, కాని అమ్మినవాడు తన రిటర్నులో మన బిల్లు చూపలేదు. 2022 జనవరి 1 నుంచి అలా చూపిన బిల్లుకే జమ దొరుకుతుంది. అది రాకపోతే ఖరీదు 1180 అయిపోతుంది. 1416కు అమ్మి 216 కడితే చేతిలో మిగిలేది ఇరవై రూపాయలు. అందుచేత నెలవారీ రిటర్ను వేసేవారు ప్రతి నెలా 14వ తేదీ తరువాత పోర్టల్‌లో GSTR-2B తెరిచి, తమ బిల్లులతో ఒక్కొక్కటిగా సరిచూసుకోవాలి. లేని బిల్లు కనబడితే వెంటనే ఆ వ్యాపారికి ఫోను చెయ్యండి. సరుకు కొనేటప్పుడే మన జి.ఎస్.టి. నంబరు బిల్లుమీద సరిగా పడిందా లేదా చూసుకోండి.

కాంపోజిషన్ పద్ధతిలో ఉన్న సోదరుల లెక్క వేరు. వారు అమ్మకాలపై ఒక శాతం కడతారు. కొనుగోలు జమ లేదు, గిరాకీ దగ్గర పన్ను వసూలు చేయరాదు. వారికి ఖరీదు నిజంగానే 1180. అదే 200 మిగలాలంటే సుమారు 1394కు అమ్మాలి. ఇంటికి కొనేవారికి 1416 కంటే ఇదే చవక. కాని రిజిస్టరైన మరో షాపువాడు అమ్మకానికి కొంటే, మామూలు షాపులో అతనికి ఖరీదు 1200, ఇక్కడ 1394. అందుకని ఇళ్ళవారికి అమ్మేవారికి కాంపోజిషన్ నప్పుతుంది, షాపులకు వేసేవారికి నప్పదు.

చివరగా మన సంఘానికి సంబంధించిన మాట. షాపు స్టాకులోంచి మన హాలుకు ఫ్యాన్లు ఉచితంగా ఇచ్చిన దాతలున్నారు. ఊరికే ఇచ్చిన సరుకుపై తీసుకున్న జమను చట్టం ప్రకారం వెనక్కి ఇచ్చేయాలి. అంటే ఆ దానం విలువ వెయ్యి కాదు, 1180. అది మరచిపోతే తరువాత వడ్డీతో కట్టవలసి వస్తుంది. ఇచ్చిన రోజే పుస్తకంలో రాసుకోండి. దానం చేసిన చేతికి నోటీసు రాకూడదని మా కోరిక.